డాలస్ నుంచి అమ్మకు

అమ్మా,

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? మొన్న ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడారు గానీ నాకు నమ్మకం కలగలేదు. మెట్లు ఎక్కనివ్వకు.

ఆఫీసు మామూలే. నీ టెన్షనంతా అరిసెల గురించేగా! ఇక్కడ టెక్సాస్‌లో ఇలాంటివి ఇంట్లో చేసి అమ్మొచ్చు, ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఒకటి చేసి, ప్యాకెట్ మీద చీటీ అంటించాలి. గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాను, ఎవరూ పట్టుకుపోరు.

సంక్రాంతి అయిపోయినా ఆర్డర్లు ఆగలేదు. "పౌండు 15 డాలర్లకి కొన్నారుగా, అలాగే ఉంచెయ్" అన్నారు మీ అల్లుడు. నాకు మనసొప్పలేదు. పండగ ముందు 12 ఉండేది. పండగ వారం 20 పౌండ్లు చేయాల్సొచ్చి సాయానికి ఒకావిడని పెట్టుకుని 60 డాలర్లు ఇచ్చాను. అంటే పౌండుకి 3. పెంచింది అందుకే. ఇప్పుడు ఆవిడ రావడం లేదు, ఇంకా ఆ 3 ఎలా అడగను? బెల్లం, నువ్వులు మాత్రం పెరిగినవి పెరిగినట్టే ఉన్నాయి, పౌండుకి అర డాలరు. నూనె కారకుండా ఈసారి గట్టి డబ్బాలు కొన్నాను, అదింకో అర. అందుకే 13 అన్నాను. ధర అలాగే ఉంచి అరిసె సైజు తగ్గించమని ఒకరు సలహా ఇచ్చారు. మనవాళ్లు డబ్బా తీయగానే లెక్కపెడతారమ్మా!

అసలు చిక్కు ధర కాదు, కొంచెం కొంచెం చేయడం. నాలుగు పౌండ్లకైనా పదింటికైనా మూకుడులో నూనె ఒకటే, 8 డాలర్లది. పదికైతే పౌండుకి 80 సెంట్లు, నాలుగుకైతే 2 డాలర్లు. బియ్యం నానబెట్టడం, తడిపిండి పట్టడం, పాకం దగ్గర నిలబడటం కూడా అంతే. అందుకే నెలలో రెండో శనివారమే చేస్తాను, పది పౌండ్ల ఆర్డర్లు రాకపోతే ఆ నెల లేవు.

పండగకి ముందు నుంచీ కొనేవాళ్లకి ఇంకొక్కసారి 12కే ఇస్తానని ముందే మెసేజ్ పెట్టాను. వచ్చే నెల నుంచి వాళ్లకీ 13. "మరి పండగకి నా దగ్గర 15 తీసుకున్నావుగా అమ్మాయ్" అన్నారు పక్క వీధి పిన్నిగారు. అప్పటి మెసేజ్‌లో "పండగ వారం ధర" అని రాసే ఉంది, అదే చూపించాను. కాసేపు మూతి ముడుచుకుని, రెండు పౌండ్లు రాసుకోమన్నారు.

నేను సరిగా తినట్లేదని అన్నయ్యతో అన్నావట. తింటున్నానమ్మా, విరిగిన అరిసెలన్నీ నాకే.

బాబాయి మార్చిలో వస్తున్నాడుగా, అరిసెల చెక్కలు ఒక జత పంపు. ఇక్కడ రెండు గరిటెల మధ్య నొక్కుతుంటే నూనె సగమే దిగుతోంది. బరువని వంక పెడితే ఊరగాయ సీసా ఒకటి తగ్గించు, చెక్కలు మాత్రం తప్పకుండా పెట్టు.

నీ
చిన్ని