బ్లాంక్ చేయకుండానే సీఓడీ 212 ఎలా వచ్చింది?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘కాలువ నీరు పరిమితుల్లోనే: అధికారులు’ అని వార్త వేశారు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే ఆ కాలువలో చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి, ఊరివాళ్లు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పను. ఆ రోజే రాయాల్సింది. ఎవరో ఒక కెమిస్ట్రీ మాస్టారు రాస్తారులే అని ఆగాను. ఎవరూ రాయలేదు.

వార్తలో నీటి మురికిని చెప్పే సీఓడీ లీటరుకు 212 మిల్లీగ్రాములు, పరిమితి 250 అని ఉంది. అంతటితో ఆగి ఉంటే నేను పేపరు మడిచి పక్కన పెట్టేవాడిని. కానీ మీ విలేకరి ఉత్సాహంగా ల్యాబ్ రిజిస్టర్ పేజీ ఫొటో కూడా వేశారు. అందుకు ఆయనకు నిజంగా కృతజ్ఞతలు. ఇన్నేళ్లు బ్యూరెట్ పట్టుకుని బతికినవాడిని, భూతద్దం పెట్టి చూశాను. మూడు వేర్వేరు తేదీల్లో తీసిన మూడు శాంపిళ్లకు ‘బ్లాంక్’ అన్న గడిలో 25.0, 25.0, 25.0 అని రాసి ఉంది. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ నార్మాలిటీ, అంటే ఆ ద్రావణం బలం రాసే గడిలో మూడుసార్లూ 0.1. ఇది చూశాక ఆ 212ను నమ్మడం నా వల్ల కాలేదు. ఎందుకో పాఠకులకు అర్థమయ్యేలా చెబుతాను.

సీఓడీ అంటే నీటిలో ఉన్న మలినాలను రసాయనంతో పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్న లెక్క. ఆ ఆక్సిజన్‌ను మనం నేరుగా కొలవం. 20 మిల్లీలీటర్ల మురుగు నీటిని ఫ్లాస్కులో పోసి, దానికి 0.25 నార్మల్ పొటాషియం డైక్రోమేట్ కచ్చితంగా 10 మిల్లీలీటర్లు కలుపుతాం. సిల్వర్ సల్ఫేట్ కరిగించిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్లు చల్లబరుస్తూ మెల్లగా పోస్తాం. పైన కండెన్సర్ బిగించి రెండు గంటలు మరిగిస్తాం. మలినాలు ఎంత ఉంటే అంత డైక్రోమేట్ ఖర్చవుతుంది, మిగిలింది మిగులుతుంది. చల్లారాక నీళ్లు పోసి పలచన చేసి, రంగు మారి ఎక్కడ ఆపాలో చూపించే ఫెర్రాయిన్ రెండు మూడు చుక్కలు వేసి, మిగిలిన డైక్రోమేట్‌ను ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తాం, అంటే బ్యూరెట్‌లోంచి దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఎంత పట్టిందో కొలుస్తాం. పసుపు రంగు ఆకుపచ్చగా, తర్వాత నీలం కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. చివరికి ఒక్క చుక్కతో ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. అక్కడ ఆపి బ్యూరెట్ చూడాలి.

అంటే బ్యూరెట్ చూపించేది నీటిలో ఉన్న మురికిని కాదు, ఖర్చు కాకుండా మిగిలిన డైక్రోమేట్‌ను. జేబులో ఎంత పెట్టుకుని సంతకు వెళ్లామో తెలియకుండా, తిరిగొచ్చాక మిగిలిన చిల్లర లెక్కపెట్టి ఎంత ఖర్చయిందో చెప్పగలమా? జేబులో ఎంత ఉందో చెప్పేదే బ్లాంక్. మురుగు నీటి బదులు డిస్టిల్డ్ వాటర్ 20 మిల్లీలీటర్లు తీసుకుని, అదే సీసాల్లోని రసాయనాలే వేసి, పక్క బర్నర్ మీద అదే రెండు గంటలు మరిగించి, అదే బ్యూరెట్‌తో టైట్రేట్ చేయాలి. బ్లాంక్ రీడింగ్‌లోంచి శాంపిల్ రీడింగ్ తీసేస్తే వచ్చే తేడాయే అసలు కొలత.

ఇప్పుడు ఫొటోలోని లెక్క. 10 మిల్లీలీటర్ల 0.25 నార్మల్ డైక్రోమేట్‌కు సరిగ్గా 25 మిల్లీలీటర్ల 0.1 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ కావాలి. ఇది కాగితం మీద చేసే గుణకారం. దీనికి బర్నర్ అక్కర్లేదు, ఫ్లాస్కూ అక్కర్లేదు. శాంపిల్ రీడింగ్ 19.7 అని రాశారు. తేడా 5.3. దాన్ని 0.1తోనూ, పద్ధతిలో ఉన్న స్థిరాంకం 8000తోనూ గుణించి 20తో భాగిస్తే 212. గుణకారంలో తప్పు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ 25.0 బ్యూరెట్‌లోంచి రాలేదు, క్యాలిక్యులేటర్‌లోంచి వచ్చింది. నిజంగా మరిగించిన బ్లాంక్‌లో ఆమ్లంలోని మలినాలు, గాజు సామానుకు అంటుకున్న జిడ్డు కొంచెమైనా డైక్రోమేట్‌ను తింటాయి. అందుకే ద్రావణం కచ్చితంగా 0.1 ఉన్న రోజున కూడా బ్లాంక్ 24.7, 24.8 అలా కాస్త తగ్గుతుంది. మూడు తేదీల్లో మూడుసార్లూ చుక్క తేడా లేకుండా 25.0 రావడం నా అనుభవంలో లేదు.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం. డైక్రోమేట్ ద్రావణం నెలల తరబడి చెక్కుచెదరదు. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ అలాంటిది కాదు. లీటరుకు 39.2 గ్రాములు తూచి కరిగించినా గాలి తగిలితే అందులోని ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతూ బలం తగ్గిపోతుంది. అందుకే వాడే రోజున దాని బలాన్ని డైక్రోమేట్‌తో సరిచూసుకోవాలని పద్ధతిలోనే రాసి ఉంది. పది నిమిషాల పని. అది చేస్తే 0.0987, 0.0962 లాంటి అంకెలు వస్తాయి. మూడుసార్లూ గుండ్రంగా 0.1 వచ్చిందంటే సీసా మీది లేబుల్ చూసి రాశారనే కదా అర్థం.

దీనివల్ల ఏమవుతుందంటారా? ఆ రోజు ద్రావణం 0.094కి పడిపోయిందనుకోండి. పాత సీసాకు ఇది పెద్ద వింతేమీ కాదు. అప్పుడు బ్లాంక్ నిజంగా చేసి ఉంటే 25 బదులు దాదాపు 26.6 మిల్లీలీటర్లు పట్టేది. 26.6లోంచి 19.7 తీసేస్తే 6.9. దాన్ని 0.094తో, 8000తో గుణించి 20తో భాగిస్తే 259. అదే ఫ్లాస్కు, అదే 19.7 రీడింగ్, కానీ నీళ్లు పరిమితి దాటేశాయి! ఫలితం 259 అని నేను అనడం లేదు. 212 అని వాళ్లు అనడానికి కూడా ఆధారం లేదంటున్నాను. ఇంకో విచిత్రం చూడండి. ద్రావణం ఇలా బలహీనపడి, బ్లాంక్ చేయకపోతే ఫలితం తక్కువ వైపే జరుగుతుంది. అంటే ఫ్యాక్టరీకి లాభం వచ్చే వైపే. బ్లాంక్ ఒక్కటి నిజాయితీగా చేసి, నార్మాలిటీ మాత్రం బద్ధకంగా 0.1 అని వేసుకున్నా 276 వచ్చేది. అదీ తప్పే, కానీ అసలు అంకెకు దగ్గర్లోనే ఉండే తప్పు. బ్లాంక్ ఎగ్గొడితే ఏకంగా పరిమితి గీత ఇవతలి నుంచి అవతలికి దూకుతాం.

వార్తలో కంపెనీ ప్రతినిధి మాట కూడా ఉంది. గతంలో సీఓడీ ఎక్కువ రావడానికి నీటిలోని ఉప్పే కారణమట. ఈ మాటలో సగం సైన్స్ ఉంది, అందుకే చెలామణి అవుతోంది. ఉప్పులోని క్లోరైడ్‌ను కూడా డైక్రోమేట్ ఆక్సీకరణం చేస్తుంది. లీటరుకు 1000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే 226 దాకా దొంగ సీఓడీ కనిపిస్తుంది. దాన్ని ఆపడానికే మరిగించే ముందు మెర్క్యురిక్ సల్ఫేట్ వేస్తాం. క్లోరైడ్ బరువుకు పదింతలు వేయాలి. 20 మిల్లీలీటర్ల శాంపిల్‌కు 0.4 గ్రాములు వేస్తే లీటరుకు 2000 మిల్లీగ్రాముల క్లోరైడ్ వరకు కట్టేస్తుంది. కాబట్టి ఉప్పు కథ చెప్పేవాళ్లు ముందు క్లోరైడ్ ఎంతో చెప్పాలి. రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీ. మెర్క్యురిక్ సల్ఫేట్ ఎంత వేశారో రాయలేదు. సాకు ఉంది, దానికి కావాల్సిన ఒక్క అంకె లేదు.

ఆ మెర్క్యురీ మాట వచ్చింది కాబట్టి ఇదీ అడుగుతాను. ఒక్కో ఫ్లాస్కులో పావు గ్రాముకు పైగా పాదరసం, దాంతోపాటు వెండి, క్రోమియం మిగులుతాయి. టైట్రేషన్ అయ్యాక వాటిని విడిగా డబ్బాలో పోసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు అప్పగించాలి. మన ల్యాబుల్లో ఎన్ని సింకులకు ఆ భాగ్యం కలిగిందో, సింకు గొట్టం ఎక్కడికి పోతుందో అధికారులు ఒకసారి తొంగి చూడాలి. కాలుష్యం కొలిచే చోట కాలుష్యం పుడితే దాన్ని కొలిచేదెవరు?

అసలు ఈ జబ్బు ల్యాబులో పుట్టింది కాదు, కాలేజీలో పుట్టింది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో మూడు రీడింగులు ఒకేలా వస్తేనే మార్కులు. అందుకని మొదటిది చూస్తారు, మిగిలిన రెండూ రాస్తారు. రికార్డు పక్కవాడి దాంట్లోంచి ఎక్కించి, అట్ట వేసి, సంతకం పెట్టించుకుంటారు. ఎక్స్‌టర్నల్ గారు వచ్చి భోజనం చేసి వెళతారు. ఆ పిల్లలే రేపు ఔట్‌సోర్సింగ్‌లో, నెలల తరబడి అందని జీతానికి, ఒక్కరే పది శాంపిళ్లు చూసుకోవాల్సిన ల్యాబులో చేరతారు. ఆరు ఫ్లాస్కులు పట్టే చోట ఒకటి బ్లాంక్‌కు ఇవ్వడం వాళ్లకు దండగ అనిపిస్తుంది. వాళ్లను మాత్రమే తిట్టి ఏం లాభం? పైన సంతకం పెట్టినాయన ఆ మూడు 25.0లను చూసి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. పటాన్‌చెరు, బొల్లారం వ్యర్థాల కేసు 1990లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం బ్లాంక్ చేశారా లేదా అనే దగ్గరే ఉన్నాం.

తెలిసిన జవాబు ఉన్న శాంపిల్ ఒకటి పక్కన పెట్టి చూడటం కూడా కష్టమేమీ కాదు. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 425 మిల్లీగ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే దాని సీఓడీ 500 రావాలి. 430 వచ్చిందంటే మిగతా శాంపిళ్లు కూడా అలాగే తక్కువ చూపిస్తున్నాయని అర్థం. ఆ రోజు ఆ పరీక్ష చేశారా అని మీ విలేకరి అడగాలి. ‘పరిమితుల్లోనే’ అనే హెడ్డింగు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అదే. మీ పేపరు మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను, కోపం కూడా ఉందనుకోండి.

ఇప్పుడైనా చేయగలిగింది ఒకటుంది. సీఓడీ శాంపిల్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా తక్కువకు తెచ్చి, 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెడితే 28 రోజుల దాకా పరీక్షకు పనికొస్తుంది. ఫొటోలోని ఆఖరి శాంపిల్‌కు ఆ గడువు ఇంకా దాటలేదు. అది అలా భద్రపరిచి ఉంటే, ఊరివాళ్ల ఎదుట బ్లాంక్‌తో, క్లోరైడ్ అంకెతో, ఆ రోజే సరిచూసిన ద్రావణంతో మళ్లీ చేయమని మీ పేపరు తరఫున అడగండి. ఆమ్లం కలపకుండా బల్ల మీద వదిలేసి ఉంటే, ఆ మాటే వార్తగా వేయండి. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ కెమిస్ట్