నామినీ పేరు ఉంటే సరిపోదు

జీవిత బీమాలో భార్య పేరు నామినీగా రాస్తే డబ్బు ఆమెకే భద్రమన్న నమ్మకం చాలా కుటుంబాలను దెబ్బతీస్తోంది. నామినీని భర్త ఎప్పుడైనా మార్చవచ్చు, పాలసీని అప్పు ఇచ్చినవారికి రాసివ్వవచ్చు. నాకు తెలిసిన ఒక చిన్న వ్యాపారి 25 లక్షల పాలసీని అప్పుకు హామీగా రాసిచ్చి చనిపోయారు. బాకీ 18 లక్షలు అప్పిచ్చిన సంస్థకు పోగా నామినీ అయిన భార్యకు మిగిలింది 7 లక్షలే. అదే పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం 6వ సెక్షన్ కింద తీసుకుని ఉంటే అది భార్యాపిల్లల కోసం ఏర్పడిన ట్రస్టు అయ్యేది. అప్పుడు భర్త ఒక్కడే దాన్ని తాకట్టు పెట్టలేడు, సరెండర్ చేయలేడు, లబ్ధిదారులను మార్చలేడు. ఆ డబ్బు అతని ఆస్తిలో కలవదు కనుక అప్పులవాళ్లకు హక్కుండదు. అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతోనే పాలసీ తీసుకున్నట్టు రుజువైతే మాత్రం, ఆ పాలసీ సొమ్ములోంచి వారు తమ బాకీ రాబట్టుకోవచ్చు, అది న్యాయమే. చిక్కల్లా, ఈ రక్షణను పాలసీ తీసుకునేటప్పుడే, దరఖాస్తుతో పాటు ఇచ్చే అనుబంధ పత్రంలో కోరాలి, తర్వాత చేర్చడం కుదరదు. నేను చూసినంతలో ఏజెంట్లు నామినీ పేరు అడిగి ఊరుకుంటున్నారు, ఈ పత్రం ఊసే ఎత్తరు. వివాహితుడైన ప్రతి దరఖాస్తుదారునూ ఈ రక్షణ కావాలా వద్దా అని అడిగి, జవాబు పక్కన సంతకం తీసుకోవాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించాలి.