రైతు వేదిక టీవీలో లేని బొమ్మ మీ పేపర్లో ఎలా వచ్చింది?

సంపాదకుడి గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో వేసిన రైతు వేదిక ఫోటో గురించి ఎవరో ఒకరు రాస్తారని చూశాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు. జనం వరుసగా కూర్చుని టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నట్టు ఉంది అందులో. కింద ‘ఆసక్తిగా తిలకిస్తున్న రైతులు’ అని రాశారు. ఆ టీవీలో ఆ బొమ్మ రాలేదు, తర్వాత కంప్యూటర్లో అతికించారు. ఫిల్మ్ కెమెరాల రోజుల నుంచి ఫోటో స్టూడియో నడుపుతున్నవాణ్ణి, ఊరికే అనుమానపడి అంటున్న మాట కాదిది.

మీ ఈ-పేపర్లో ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి. పక్క నుంచి తీశారు కాబట్టి గోడకున్న టీవీ ఎడమ అంచు పొడుగ్గా, కుడి అంచు పొట్టిగా కనిపిస్తుంది. లోపలి బొమ్మ కూడా అదే లెక్కన కుడివైపుకు పోయేకొద్దీ చిన్నదవ్వాలి. కానీ కింద నడిచే స్క్రోలింగ్ అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ వరుస టీవీ కింది అంచుతో పాటు వాలలేదు కూడా. అంటే ఎదురుగా తీసిన బొమ్మను తెచ్చి పైన పెట్టి, చుట్టూ మిగిలింది కత్తిరించేశారు.

ఇక వెలుతురు సంగతి. ముందు వరుసలో ఉన్నవాళ్ల నీడలు గోడ మీద గట్టిగా పడ్డాయంటే ఫ్లాష్ కొట్టారన్నమాట. ఫ్లాష్ వెలుగు పడిన తెర మీద నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగుకు తిరుగుతుంది. ఈ బొమ్మలో నలుపు బొగ్గులా ఉంది. టీవీ చుట్టూ ఉన్న నిగనిగలాడే ఫ్రేము మీద ట్యూబ్‌లైటు మెరుపు తెల్లని గీతలా పడింది. అది మసగ్గానైనా తెర మీదికి పాకాలి కదా? ఫ్రేము దాటగానే కోసేసినట్టు ఆగిపోయింది. అన్నిటికీ మించి, ఫ్రేము కింద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. చాలా టీవీల్లో రిమోట్‌తో ఆపినప్పుడే ఆ లైటు వెలుగుతుంది. దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ తేల్చలేం, కొన్ని మోడళ్లలో ఆన్‌లో ఉన్నా వెలుగుతుంది. కానీ ఇవన్నీ ఒకే ఫోటోలో కనిపిస్తుంటే ఇంకేం అనుకోవాలి?

టీవీ తెరను ఫోటో తీయడం కష్టమే, కాదనను. గదిలో మనుషుల ముఖాలకు సరిపడా కెమెరాలో వెలుతురు పెట్టుకుంటే ఒక్కోసారి తెర తెల్లగా పేలిపోతుంది, తెరకు సరిపడా పెట్టుకుంటే ముఖాలు చీకట్లో పడతాయి. షట్టర్ వేగం ఎక్కువైతే చాలా తెరల మీద నల్లటి పట్టీలు వస్తాయి. తెరలోని చుక్కలూ కెమెరా సెన్సార్ చుక్కలూ ఒకదానికొకటి అడ్డుపడి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఫ్లాష్ ఆపి, గదిలో దీపాలు కొంచెం తగ్గించి, షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టుకుని, అందరినీ ఒక్క క్షణం కదలకుండా ఉండమంటే ఫోటో బాగానే వస్తుంది. కాస్త ఓపిక చాలు. బొమ్మ కొంచెం వెలిసిపోయినట్టు వచ్చినా నష్టం లేదు, టీవీ తెర ఫోటోలో అలాగే ఉంటుందని చదివేవాళ్లకు తెలుసు.

తెర మీద బొమ్మ మార్చడమే తప్పని నేననడం లేదు. సెల్‌ఫోన్ షాపు ఫ్లెక్సీలకు నేనే చేసి ఇస్తాను. ఫోటోషాప్‌లో కొత్త బొమ్మను పైన పెట్టి, Ctrl+T నొక్కి, Distort తీసుకుని నాలుగు మూలలనూ ఫోన్ తెర మూలలకు లాగాలి. ఫోన్ పట్టుకున్న వేలు తెర మీదికి వచ్చిన చోట మాస్క్ వేసి బొమ్మను వేలి వెనక్కి పంపాలి. ఆపి ఉన్న తెర మీది మెరుపులను Screen మోడ్‌లో మళ్లీ పైన వేయాలి. తర్వాత వెలుగు కొంచెం తగ్గించి, ఫోటోలో ఎంత మసక, ఎంత గరుకుదనం ఉందో అంతే దీనికీ ఇవ్వాలి. ప్రకటనల్లో ఇది మామూలే, తెర మీది బొమ్మ అమర్చినదని కింద చిన్న అక్షరాల్లో వేసే కంపెనీలూ ఉన్నాయి. వార్త కింద ఆ మాట ఎవరు వేస్తున్నారు?

మా కొట్టుకు ఇలాంటి పనుల మీద వచ్చేవాళ్లలో ఆఫీసుల్లో చిన్న ఉద్యోగులే ఎక్కువ. “అన్నా, టీవీలో బొమ్మ రాలేదు, నువ్వే పెట్టివ్వు, సాయంత్రం లోపు గ్రూపులో పెట్టకపోతే సార్ నా మీద పడతాడు” అంటాడు పాపం. నేను చేయనంటే పక్క కొట్టుకు పోతాడు. ఆ కుర్రాడి టెన్షన్ నాకు అర్థమవుతుంది. పైనున్న అధికారుల మీదే నా కోపమంతా. జనం వచ్చారా, టీవీ నడిచిందా, చెప్పింది ఎవరికైనా అర్థమైందా అని ఒక్కరూ అడగరు. ఫోటో వచ్చిందా అని మాత్రం అడుగుతారు. మొక్కలు నాటినా అంతే, మరుగుదొడ్డి కట్టినా అంతే. ప్రజల డబ్బుతో కొన్న టీవీకి సిగ్నల్ రాక, డిష్ వైరు తెగి, జనం ఖాళీ తెర ముందు కూర్చుని లేచి వెళ్లిపోతే అదే కదా మీరు రాయాల్సిన వార్త! అతికించిన బొమ్మ ఆ వార్తను మింగేసింది. టీవీ బాగానే ఉందని మీ పేపరే సాక్ష్యం చెబుతుంటే ఇక దాన్ని బాగు చేయించమని ఎవరిని అడగాలి?

ఢిల్లీ స్థాయిలోనూ ఇలాంటిది జరిగింది. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు ప్రధాని ఆకాశం నుంచి కిటికీలోంచి చూస్తున్న ఫోటోను ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో విడుదల చేసింది. కిటికీలో మునిగిన ఇళ్లు మరీ స్పష్టంగా ఉండటంతో జనం పట్టేశారు. అక్కడ టీవీ తెర బదులు కిటికీ, అంతే తేడా. బ్యూరో ఆ ఫోటోను తీసేసి, రెండు ఫోటోలు కలిపినందుకు విచారం వ్యక్తం చేసింది. ప్రభుత్వ సంస్థే ఆ మాట చెప్పగలిగినప్పుడు ఒక పత్రిక చెప్పడానికేం?

ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ ఫోటోలో పని నాసిగా చేశారు కాబట్టి దొరికింది. చేయి తిరిగినవాడు చేస్తే నాలాంటివాడు కూడా కళ్లతో చూసి పట్టుకోలేడు. అప్పుడు ఆధారం కెమెరాలోంచి నేరుగా వచ్చిన అసలు ఫైలే. అదే సమయంలో వరసగా తీసిన మిగతా ఫోటోలు కూడా ఉంటే ఇంకా మంచిది, ప్రసారం నడుస్తుంటే ఒక్కో దాంట్లో ఒక్కో దృశ్యం ఉంటుంది. మీ విలేకరులు మాత్రం ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫోటోను అలాగే పేజీకి ఎక్కిస్తున్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, ఎప్పుడు తీశారో ఏ కెమెరాతో తీశారో చెప్పే వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమంటే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆ ఒక్క మాట అడగడానికి కూడా మీ డెస్కులో తీరిక లేదా?

ఆ ఫోటో ఎవరు పంపారో, అసలు ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అది దొరక్కపోతే, తెర మీది బొమ్మ నిజమని మేం నిర్ధారించలేకపోయామని అదే జిల్లా పేజీలో, ఆ ఫోటో వేసిన చోటే వేయండి. లోపలి పేజీలో మూలకు నాలుగు లైన్లు వేసి చేతులు దులుపుకోవద్దు. అలాగే ఒక విలేకరిని ఆ రైతు వేదికకు పంపి టీవీ ఆన్ చేయించి చూడండి.

ఇట్లు,
ఒక ఫోటో స్టూడియో నిర్వాహకుడు, మీ పాఠకుడు