మందుల చీటీకి తోడుగా తెలుగులో ఒక పట్టిక ఇవ్వాలి

సంపాదకులకు,

డాక్టర్లు చీటీ మీద పొడి అక్షరాల్లో రాసేదాన్ని మందులిచ్చే చోటే విడమరిచి, మందు, మోతాదు, ఎప్పుడు, ఎన్నాళ్లు అనే నాలుగు గడుల పట్టికగా తెలుగులో రాసివ్వాలని ప్రభుత్వ ఆసుపత్రుల ఫార్మసీలనూ మందుల షాపులనూ కోరుతున్నాం. ఇప్పుడు జరుగుతున్నదల్లా మాత్రల అట్ట మీద పెన్నుతో ఒకటో రెండో గీతలు గీసి, ‘పొద్దున, రాత్రి’ అని నోటితో చెప్పడం. రోజూ వేసుకునే మందులకు ఆ గీతలు ఎలాగో సరిపోతాయి. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందుకు ఆ గీతే ప్రమాదం, ఎందుకంటే అది పూటను చూపిస్తుంది కానీ వారాన్ని చూపించదు.

కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్) రాసే ఇలాంటి చీటీనే తీసుకుందాం. పాంటాప్రజోల్ 40, 1-0-0, బీబీఎఫ్, 2/52. ప్రెడ్నిసొలోన్ 10 ఓడీ పీసీ 1/52, తర్వాత 5 ఓడీ పీసీ 1/52, ఆపై స్టాప్. మెథోట్రెక్సేట్ 7.5 ఓడబ్ల్యూ, 4/52. ఫోలిక్ యాసిడ్ 5 ఓడబ్ల్యూ, 4/52. పారాసిటమాల్ 650 ఎస్‌ఓఎస్.

గీత కింద 52 ఉంటే వారాలు, 7 ఉంటే రోజులు, 12 ఉంటే నెలలు. 2/52 అంటే రెండు వారాలు. తెలియనివారు దీన్ని తేదీ అనుకుంటారు, 5/7ను జూలై 5 అని చదివినవారూ ఉంటారు. 1-0-0 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నమూ రాత్రీ వద్దు. బీబీఎఫ్ టిఫిన్‌కు ముందు, పీసీ తిన్న తర్వాత. ఓడీ రోజుకు ఒకసారి, ఓడబ్ల్యూ వారానికి ఒకసారి. ఈ రెంటికీ తేడా చివరి అక్షరం ఒక్కటే, అదీ తొందరలో గిలికిన అక్షరం. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే.

అక్షరాలను తెలుగు చేసినంత మాత్రాన పట్టిక పూర్తి కాదు. గడులు నింపడం మొదలుపెడితేనే చీటీలో ఏం లేదో బయటపడుతుంది. ఓడీ అన్నది రోజుకు ఒకసారి అని చెబుతుంది కానీ ఏ పూటో చెప్పదు. ఓడబ్ల్యూ ఏ రోజో చెప్పదు. ఎస్‌ఓఎస్ రోజుకు ఎన్నింటికి మించకూడదో చెప్పదు. ఈ ఖాళీలను ‘మామూలుగా ఇంతే’ అని ఫార్మసిస్టు తన ఊహతో నింపకూడదు. చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి, జవాబు రాకపోతే ఆ గడిలో ‘డాక్టరును అడగాలి’ అని రాసి వదిలేయాలి. నింపేసిన తప్పు గడి కన్నా ఖాళీ గడి నయం, అది రోగి చేత ప్రశ్న అడిగిస్తుంది. పై చీటీకి డాక్టరు ఆదివారం మెథోట్రెక్సేట్, సోమవారం ఫోలిక్ యాసిడ్, ప్రెడ్నిసొలోన్ పొద్దున, పారాసిటమాల్ నొప్పి ఉంటేనే 6 గంటల ఎడంతో రోజుకు 3 మించకుండా అని చెప్పారనుకుంటే పట్టిక ఇలా ఉంటుంది.

| మందు | మోతాదు | ఎప్పుడు | ఎన్నాళ్లు |
|---|---|---|---|
| పాంటాప్రజోల్ 40 మి.గ్రా. | 1 మాత్ర | రోజూ పొద్దున, టిఫిన్‌కు ముందు | 14 రోజులు |
| ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. | 2 మాత్రలు | రోజూ పొద్దున, తిన్నాక | మొదటి 7 రోజులు |
| ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. | 1 మాత్ర | రోజూ పొద్దున, తిన్నాక | తర్వాతి 7 రోజులు, ఆపై ఆపాలి |
| మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. | 3 మాత్రలు | ఆదివారం మాత్రమే | 4 ఆదివారాలు |
| ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. | 1 మాత్ర | సోమవారం మాత్రమే | 4 సోమవారాలు |
| పారాసిటమాల్ 650 మి.గ్రా. | 1 మాత్ర | నొప్పి ఉంటేనే, 6 గంటల ఎడంతో, రోజుకు 3 మించకుండా | అవసరమైనప్పుడే |

ప్రెడ్నిసొలోన్‌కు రెండు వరుసలు ఎందుకంటే, మోతాదు మారిన ప్రతిసారీ కొత్త వరుస ఉండాలి. ఒకే గడిలో బాణం గుర్తు పెట్టి రెండు మోతాదులూ ఇరికిస్తే మొదటిదే చివరిదాకా సాగిపోతుంది. మోతాదు గడిలో మిల్లీగ్రాములు కాదు, రోగి చేతిలో ఉన్న మాత్రల లెక్క రావాలి. మెథోట్రెక్సేట్ మన దగ్గర 2.5, 5, 7.5, 10 ఇలా రకరకాల బలాల్లో దొరుకుతుంది. ఈ నెల 2.5 బిళ్లలు మూడు ఇచ్చి, వచ్చే నెల 7.5 బిళ్లలు ఇస్తే, పాత పట్టిక చూసి మూడు వేసుకున్న మనిషి మూడింతల మందు మింగినట్టే. బ్రాండ్ మారినా, బలం మారినా పట్టిక మళ్లీ రాయాలి.

పట్టిక రాశాక సరిచూసుకోవడానికి సులువైన లెక్క ఉంది. ప్రతి వరుసలో మోతాదును ఆ మందు వేసుకునే రోజుల లెక్కతో హెచ్చవేసి, కౌంటరు మీద పెట్టిన మాత్రలతో పోల్చాలి. మెథోట్రెక్సేట్ మూడు చొప్పున నాలుగు వారాలకు 12. ప్రెడ్నిసొలోన్ 14, 7 కలిపి 21. మెథోట్రెక్సేట్ 84 బిళ్లలు లెక్క తేలితే ఎవరో దాన్ని రోజువారీ మందుగా చదివారన్నమాట. 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం కూడా చీటీలో మోతాదుతో పాటు ఇవ్వాల్సిన మొత్తం మందు ఎంతో ఉండాలంటుంది. ఆ ఒక్క అంకె డాక్టర్లు రాస్తే ఈ పోలిక ఎవరైనా చేయగలరు. చాలా చీటీల్లో లేనిది అదే.

మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ఏమవుతుందో చెప్పక తప్పదు. ఎముక మూలుగలో రక్తకణాల తయారీ పడిపోతుంది. నోట్లో పుండ్లు, జ్వరం, చర్మం కింద రక్తపు మచ్చలు కనిపించేసరికి పరిస్థితి చేయి దాటవచ్చు, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇది మన చీటీల జబ్బే అనుకోవద్దు. ఇదే పొరపాటు ఆగకపోవడంతో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఈ మందు ప్యాకింగుపై, హెచ్చరికలపై కొత్త జాగ్రత్తలు సూచించింది. ఈ మందు ఉన్న పట్టికలో ఆ వరుసను మందపాటి గీతతో చుట్టి, ‘రోజూ కాదు’ అని రాయాలి.

పిల్లల సిరప్‌ల విషయంలో మోతాదు గడిలో ‘5 మి.లీ.’ అని రాస్తే చాలదు. పారాసిటమాల్ సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది, చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. 150 మి.గ్రా. ఇవ్వాలంటే మొదటి సీసాలో 6 మి.లీ., రెండోదానిలో 3, చుక్కల మందులో ఒకటిన్నర. కాబట్టి మందు గడిలో సీసా బలం రాయాలి, కొలవడానికి సీసాతో వచ్చిన మూతో సిరంజో వాడమనాలి, ఇంట్లో చెంచా కాదు.

భారత వైద్య మండలి 2016లోనే మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలంది. అక్షరం స్పష్టమైనా ఓడబ్ల్యూ ఓడబ్ల్యూగానే మిగులుతుంది, దాన్ని ఆదివారంగా మార్చే పని మాత్రం ఆ నిబంధన ఎవరికీ అప్పగించలేదు. అది ఫార్మసిస్టుకు అప్పగించాలి. ఆరోగ్యశాఖ నాలుగు గడుల ముద్రిత కాగితం ఒకటి తయారుచేసి, కింద రాసినవారి సంతకం, తేదీ ఉండేలా చూడాలి. పట్టిక చీటీకి బదులు కాదు. అసలు చీటీకి పిన్ను కొట్టే ఇవ్వాలి, తర్వాతి డాక్టరు చూడాల్సింది దాన్నే. రోగి మళ్లీ వచ్చినప్పుడు పాత పట్టికను ముందుగా అడిగి తీసుకుని, అడ్డంగా కొట్టేసిన తర్వాతే కొత్తది చేతికివ్వాలి.

— ఆసుపత్రి ఫార్మసిస్టులు, వరంగల్