నాన్నగారి సంవత్సరీకం జరిపించిన వారందరికీ నమస్కారాలు

మార్గశిర శుద్ధ షష్ఠి నాడు మా నాన్నగారి సంవత్సరీకం నల్లకుంటలో సక్రమంగా జరిగింది. అమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. నాకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లూ లేరు. కర్మ జరిపే కర్తగా నేనే కూర్చున్నాను. ఆ రోజు నా వెనక నిలబడ్డ వాళ్లలో చాలామందికి నేరుగా కృతజ్ఞతలు చెప్పే వీలు కూడా చిక్కలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఆడపిల్లలు కొందరు ఎలా చేశారని అడిగారు, వాళ్లకీ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

పోయినేడు అంబర్‌పేట శ్మశానంలో నేను తలకొరివి పెట్టినప్పుడు ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. 2018లో వాజ్‌పేయి గారికి దత్తపుత్రిక నిప్పు పెట్టడం, 2021లో జనరల్ రావత్ దంపతులకు కూతుళ్లిద్దరూ అంత్యక్రియలు చేయడం అందరూ టీవీలో చూసినవే. ఆస్తిలో సమాన హక్కు అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చిక్కంతా ఆబ్దికం దగ్గర వచ్చింది. దహనానికి కర్త ధైర్యం చాలు. ఆబ్దికానికి అలా కాదు. ఇంకొకరు పితృస్థానంలో కూర్చుని, మన చేత్తో కాళ్లు కడిగించుకుని, మనం వడ్డించింది తినాలి. కర్త ఆడమనిషి అయితే ఆ విస్తరి ముందు కూర్చోవడానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. ముందు వస్తామన్న భోక్త ఒకరు, కర్తను నేనని తెలిశాక మానుకున్నారు. ఆయన నమ్మకం ఆయనది, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి నమస్కారం మా పురోహితులు గారికి. "శాస్త్రం ఒప్పుకోదమ్మా" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లను చూసి చూసి ఉన్న నాకు, ఆయన నిర్ణయసింధువు అనే ధర్మశాస్త్ర గ్రంథం తెరిచి కర్తల వరుస చదివి వినిపించారు. కొడుకు, మనవడు, మునిమనవడు లేనప్పుడు భార్య, ఆ తర్వాత కూతురు, కూతురి కొడుకు అలా సాగుతుంది ఆ వరుస. కమలాకర భట్టు ఆ గ్రంథం పూర్తి చేసింది 1612లో. అంటే కూతురి పేరు ఈ మధ్య ఎవరో దయతలచి చేర్చింది కాదు. పరిమితి కూడా ఆయన దాచలేదు. వేదమంత్రం తాను చెబుతాననీ, నేను "నమః" అంటూ క్రియ మాత్రం స్వయంగా చేయాలనీ చెప్పారు. ఇది కూడా ఒప్పుకోని సంప్రదాయాలు ఉన్నాయనీ, ఆ ఇళ్లలో కూతురు దర్భ ఇచ్చి, తండ్రి వైపు దాయాది అయిన జ్ఞాతి చేత చేయిస్తుందనీ చెప్పి, ఏది కావాలో నన్నే తేల్చుకోమన్నారు.

తిథి తేల్చిందీ ఆయనే. క్యాలెండర్‌లో షష్ఠి అని వేసిన రోజు చూసుకుని బంధువులు కొందరు టికెట్లు కూడా తీసుకున్నారు. క్యాలెండర్ చూపేది సూర్యోదయానికి ఉన్న తిథిని. ఆబ్దికానికి అపరాహ్ణంలో తిథి ఉండాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. డిసెంబరులో మన హైదరాబాద్‌లో అది దాదాపు ఒంటిగంటం పావు నుంచి మూడున్నర దాకా ఉంటుంది. క్యాలెండర్ చెప్పిన రోజున పొద్దున పది దాటకుండానే షష్ఠి వెళ్లిపోయి సప్తమి వచ్చేసింది. ముందురోజు మధ్యాహ్నమంతా షష్ఠే ఉంది. కాబట్టి ఆబ్దికం ముందురోజుకు, ఏడాది నిండకముందు పెట్టే ఊనాబ్దికం దానికి ముందురోజుకు జరిగాయి. పంచాంగంలో తిథి ముగిసే గంట చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. టికెట్లు మార్చుకుని మరీ వచ్చిన పిన్నికీ బాబాయికీ ఏమిచ్చి రుణం తీర్చుకోను!

తర్వాత పేర్ల సమస్య. నాన్నగారితో పాటు తాతగారికి, ముత్తాతగారికి కూడా పిండం పెట్టాలి, వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా. ముత్తాతగారి పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఊళ్లో ఉన్న పెద్దత్తయ్య, ఈ వయసులో అటక మీది పెట్టె దింపించి, పాత భూమి కాగితాల్లో వెతికి ఫోన్ చేసింది. గోత్రం విషయంలో కూడా చాలామంది నన్ను భయపెట్టారు, పెళ్లయ్యాక పుట్టింటి గోత్రం పోతుంది కదా, ఎలా పెడతావని. సంకల్పంలో నా గోత్రం, అంటే అత్తింటి గోత్రం చెప్పాను. పిండం దగ్గర నాన్నగారి గోత్రం, నాన్నగారి పేరు చెప్పాను. దౌహిత్రుడు తాతగారికి పెట్టేటప్పుడు చేసేదీ ఇదే కదా!

మా పెదనాన్నగారి అబ్బాయి గురించి తప్పక చెప్పాలి. జ్ఞాతిగా తనే చేయొచ్చు, చేయమని తనకు చెప్పినవాళ్లూ ఉన్నారు. అన్నయ్య మాత్రం "బాబాయికి నువ్వుండగా నేనెందుకమ్మా" అని నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. జంధ్యం లేదు కాబట్టి సవ్యం, అపసవ్యం నాకు ఉత్తరీయంతోనే. విశ్వేదేవతలకు చేసేటప్పుడు ఎడమ భుజం మీద, పితృదేవతలకు చేసేటప్పుడు కుడి భుజం మీద. నేను తడబడకుండా ప్రతిసారీ ముందే భుజం తట్టి చెప్పాడు. తిలోదకం వదిలేటప్పుడు నీళ్లు వేళ్ల కొసల నుంచి పోకూడదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి. అది పితృతీర్థం. అరచేయి కుడివైపుకు వంచితేనే కుదురుతుంది. నా చెయ్యి పట్టుకుని వంచి చూపించాడు. నువ్వులు ఆ సందులోంచి దక్షిణానికి కొసలు పెట్టిన దర్భల మీద పడుతుంటే, "మమ పితరం" అనడానికి నా గొంతు చాలాసేపు పెగల్లేదు. పురోహితులు గారు మంత్రం ఆపి, నేను అనేదాకా ఆగారు.

మా అత్తయ్యగారికి పాదాభివందనం. కోడలి పుట్టింటి కార్యానికి మడి కట్టుకుని తెల్లవారుజాము నుంచి గారెలు, పరమాన్నం, పెసరపప్పు, అరటికాయ కూర, నువ్వుల పచ్చడి అన్నీ ఆవిడే దగ్గరుండి చేయించారు. పిండాలకు అన్నంలో నువ్వులు, నెయ్యి, తేనె ఎంతెంత కలిపితే ముద్ద విడిపోకుండా నిలుస్తుందో చూపించిందీ ఆవిడే. "మా అబ్బాయి నాకు పెడతాడు, నువ్వు మీ నాన్నకు పెట్టు, ఇందులో అడగడానికేముంది" అన్నారు.

ఇక ఆ రోజు భోక్తలుగా వచ్చిన ఇద్దరికీ. ఒకరు విశ్వేదేవస్థానంలో, ఒకరు పితృస్థానంలో కూర్చున్నారు. పితృస్థానంలో కూర్చున్నాయన రిటైరైన బడిపంతులు. ముందు వస్తామన్నవారు మానుకున్నారని తెలిసి, పురోహితులు గారు అడగగానే మల్కాజిగిరి నుంచి వచ్చారు. ఆయన కాళ్లు కడుగుతుంటే నా చేతులు వణికాయి. చివర్లో "తృప్తి అయిందా?" అని అడగాలి, అడిగాను. "తృప్తోస్మి తల్లీ" అన్నారు. ఆ "తల్లీ" విధిలో లేదు, ఆయనే చేర్చారు. బయల్దేరేటప్పుడు, భాద్రపదంలో మహాలయ పక్షానికి ముందే కబురు చెయ్యమనీ, ఆ రోజు ఇంకెక్కడా ఒప్పుకోననీ చెప్పి వెళ్లారు. అమ్మ ఆబ్దికం మాఘంలో. దానికీ ఆయనే వస్తారు.