రెండు జతల లెక్క రెట్టింపయింది

సంపాదకులకు నమస్కారం.

కావలి, నెల్లూరు ప్రాంతాల్లో ఇంటర్ విద్యార్థుల మధ్య ఈ మధ్య ఒక గణిత ప్రశ్నావళి తిరుగుతోంది. ఎవరు తయారు చేశారో చెప్పి ఒకరిని నిలదీయడం నా ఉద్దేశం కాదు. సంభావ్యత అధ్యాయంలో ఉన్న ఒక తప్పు జవాబు ఫోన్ల ద్వారా ఊరూరా పాకిపోయింది కాబట్టి రాస్తున్నాను. మా వీధిలో ఒక అమ్మాయి లెక్క సరిగ్గానే చేసింది. తర్వాత జవాబుల పట్టిక చూసి, తాను రాసింది కొట్టేసి, పట్టికలోని తప్పును ఎక్కించుకుంది. ముందు ఈ ప్రవాహాన్ని ఆపాలి.

ప్రశ్న ఇది: 52 ముక్కల పేక కట్టలోంచి యాదృచ్ఛికంగా ఐదు ముక్కలు తీస్తే, కచ్చితంగా రెండు జతలు వచ్చే సంభావ్యత ఎంత? రెండు జతలంటే ఒక విలువవి రెండు, మరో విలువవి రెండు, ఐదో ముక్క ఆ రెండింటికీ చెందనిది. ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు, డైమను ఏడు, కళావరు ఏడు, ఇస్పేటు తొమ్మిది అలాంటి చేయి. పట్టికలో ఇచ్చిన జవాబు 396/4165. సరైనది 198/4165. అంటే అచ్చులో ఉన్నది అసలు జవాబుకు సరిగ్గా రెండింతలు.

మొత్తం చేతుల సంఖ్యలో పేచీ లేదు. చేతిలోకి ముక్కలు ఏ క్రమంలో వచ్చాయన్నది పట్టించుకోం కాబట్టి సంయోగాలు తీసుకోవాలి. C(52,5) = 25,98,960. పొరపాటు లవంలో ఉంది. పట్టిక చేసినవారు ఇలా వెళ్లినట్టున్నారు: మొదటి జతకు విలువ 13 విధాలు, దానిలో నాలుగింటి నుంచి రెండు ముక్కలు C(4,2) = 6 విధాలు; రెండో జతకు విలువ 12 విధాలు, ముక్కలు మళ్లీ 6 విధాలు; మిగిలిన 11 విలువల్లోంచి ఐదో ముక్క 44 విధాలు. అన్నీ గుణిస్తే 2,47,104 వస్తుంది. చదువుతుంటే ప్రతి మెట్టూ సబబుగానే అనిపిస్తుంది, అందుకే ఇది ప్రమాదం.

కానీ మన చేతిలో ఆసుల జత, ఏడుల జత ఉన్నాయనుకోండి. వాటిలో ‘మొదటిది’ ఏది? ఆసులను ముందు ఎంచి ఏడులను తర్వాత ఎంచినా, ఏడులను ముందు ఎంచి ఆసులను తర్వాత ఎంచినా బల్ల మీద ఉన్నది అవే ఐదు ముక్కలు. 13ను 12తో గుణించినప్పుడు ఆ ఒక్క చేతినే రెండుసార్లు లెక్కపెట్టారు. ప్రతి చేతికీ ఇదే జరిగింది కాబట్టి ఫలితం సరిగ్గా రెట్టింపయింది. రెండు జతల విలువలను ఒకేసారి ఎంచుకోవాలి: C(13,2) = 78. ఆపైన 78 × 6 × 6 × 44 = 1,23,552. దీన్ని 25,98,960తో భాగిస్తే 198/4165, అంటే సుమారు 21 సార్లు పంచితే ఒకసారి. 13 × 12 అని రాసుకున్నా తప్పు లేదు, చివర 2తో భాగించడం మరవకపోతే చాలు.

ఇక్కడే తెలివైన పిల్లలకు ఒక సందేహం వస్తుంది. ఫుల్ హౌస్‌కు (ఒక విలువవి మూడు, మరో విలువవి రెండు) 13 × 4 × 12 × 6 = 3,744 అని వేస్తాం కదా, అక్కడ 2తో ఎందుకు భాగించం? అక్కడ రెండు విలువలూ వేర్వేరు పనులు చేస్తున్నాయి. మూడు ఆసులు, రెండు ఏడులు ఒక చేయి. మూడు ఏడులు, రెండు ఆసులు వేరే చేయి. తారుమారు చేస్తే చేయి మారుతుంది, కాబట్టి 13 × 12 న్యాయమే. రెండు జతల్లో తారుమారు చేస్తే ఏమీ మారదు. సూత్రాన్ని కంఠస్థం చేయించే చోట ఈ తేడా చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

396/4165 అంటే దాదాపు తొమ్మిదిన్నర శాతం. చూడటానికి అనుమానం రాని సంఖ్య. మరి తప్పని ఎలా పసిగట్టాలి? కట్టను చిన్నది చేయడమే మార్గం. ఆసు, రాజు, రాణి మాత్రమే ఉంచండి, అవి కూడా ఇస్పేటు, ఆఠీను రెండు రకాల్లోనే. మొత్తం ఆరు ముక్కలు. ఐదు తీయడమంటే ఒకటి వదిలేయడమే కాబట్టి ఆరే చేతులు. ఏ ముక్క వదిలినా మిగిలేవి రెండు జతలు, ఒక ఒంటరి ముక్క. అంటే ఆరుకు ఆరూ అనుకూలమే, సంభావ్యత 1. ఇప్పుడు పట్టిక పద్ధతి వాడితే 3 × 1 × 2 × 1 × 2 = 12. ఉన్నవే ఆరు చేతులైతే పన్నెండు ఎక్కడివి? సంభావ్యత 2 అని తేలిన చోట ఇక వాదన అక్కర్లేదు. విలువలను C(3,2)గా ఎంచితే 3 × 1 × 1 × 2 = 6, సరిపోయింది. ఐదు నిమిషాల పని, ఏ తరగతిలోనైనా నల్లబల్ల మీద చేయించవచ్చు.

ఇంకో పొరపాటు కొందరు విద్యార్థుల పుస్తకాల్లో చూశాను. ఐదో ముక్కకు 44 బదులు, మిగిలిన 48లో ఏదైనా అని వేస్తున్నారు. అప్పుడు వచ్చేది 1,34,784. ఎక్కువైన 11,232 ఫుల్ హౌస్‌ల వల్ల వచ్చింది, కానీ ఫుల్ హౌస్‌లు 3,744 మాత్రమే. మూడు ఆసుల్లోంచి జతను మూడు విధాలుగా తీయవచ్చు, మిగిలిన ఆసు ఐదో ముక్క అవుతుంది. అలా ప్రతి ఫుల్ హౌసూ మూడుసార్లు దూరింది. ‘కచ్చితంగా’ అన్న మాట ప్రశ్నలో ఊరికే లేదు.

జేఈఈ మెయిన్ వంటి పరీక్షల్లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు. ప్రశ్నపత్రం కూర్చేవారు 198/4165, 396/4165 రెండింటినీ పక్కపక్కనే ఇస్తే, ఈ పట్టికను నమ్మిన పిల్లవాడు తడుముకోకుండా తప్పు గడిలోకి వెళతాడు. నెల్లూరులో అడగడానికి నలుగురు ఉపాధ్యాయులైనా దొరుకుతారు. ఉదయగిరి, వింజమూరు వైపు పల్లెల్లో ఫోన్‌లో వచ్చిన పట్టికే గురువు.

ప్రశ్నావళి వేసినవారు సవరణ పత్రం వెంటనే ఇవ్వాలి. ఉత్త జవాబు కాకుండా, 78 ఎలా వచ్చిందో ఒక వాక్యంతో సహా ఇవ్వాలి. మీ విద్యార్థి పేజీలో దానికి కాస్త చోటిస్తే అది పల్లెలకూ చేరుతుంది. సవరించేటప్పుడు ‘ఒకే విలువవి మూడు, మిగిలిన రెండూ వేర్వేరు’ అన్న తర్వాతి ప్రశ్ననూ చూసుకోమని మనవి. అక్కడ 13 × 4 × 48 × 44 అని వదిలేశారు. ఆ రెండు ఒంటరి ముక్కలకూ ముందు వెనకలు లేవు కాబట్టి 2తో భాగించి 54,912 అని దిద్దాలి.

- ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు, కావలి