మన సంఘం 2024-25 వార్షిక నివేదిక: బడిలో సైన్స్ డే ప్రారంభోపన్యాసం

సభ్యులందరికీ నమస్కారం.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈసారి నేను వివరంగా రాయాలనుకున్నది ఫిబ్రవరి 28న మన పర్లాకిమిడిలో ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగిన సైన్స్ డే గురించి. ప్రారంభోపన్యాసం బాధ్యత మన సంఘానికి ఇచ్చారు. మన సభ్యులు, రిటైరైన సైన్స్ మాస్టారు మాట్లాడారు.

వచ్చినవాళ్లంతా ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో ప్రయోగశాలని పరీక్షాగార అంటారు. పరీక్ష అనే మాట చెవిన పడితే మన పిల్లలకి మార్కుల టెన్షనే గుర్తొస్తుంది. అందుకే మాస్టారు ఆ మాట ఎత్తకుండా, నమస్కారం పెట్టి నేరుగా కొవ్వొత్తి తీశారు.

పళ్లెంలో అర అంగుళం లోతు నీళ్లు, అందులో రెండు చుక్కల సిరా, మధ్యలో మైనంతో అతికించిన పొట్టి కొవ్వొత్తి. "ఇప్పుడు దీని మీద గాజు గ్లాసు బోర్లిస్తాను. ఏమవుతుందో ముందు మీరు చెప్పాలి" అన్నారు. గ్లాసు పగిలిపోతుందని ఒకడు, నీళ్లు మరుగుతాయని ఇంకొకడు అన్నారు. ఆరిపోతుందని చాలామంది చేతులెత్తారు. నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయని మాత్రం ఎవరూ అనలేదు. బోర్లించాక మంట సన్నబడి ఆరింది. ఆ వెంటనే నీలం నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. పిల్లలు బెంచీల మీద నిలబడ్డారు.

ఐదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, మంట అమ్లజానని, అంటే ఆక్సిజన్‌ని, తినేసింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయన్నాడు. పెద్దవాళ్లం మనలో చాలామందిమి నేర్చుకున్నదీ ఇదే. మాస్టారు అది తప్పని అనలేదు. "అయితే ఈసారి మంటని చూడొద్దు, నీళ్లనే చూడండి. మంట వెలుగుతున్నప్పుడు ఎక్కుతున్నాయా, ఆరాక ఎక్కుతున్నాయా?" అని మళ్లీ చేశారు. వెలుగుతున్నంతసేపూ నీళ్లు దాదాపు కదల్లేదు. ఆరాక ఒక్కసారిగా ఎక్కాయి. ఆక్సిజన్ తరగడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా ఎక్కుతూ ఉండాలి కదా!

మూడోసారి అదే గ్లాసు, మూడు కొవ్వొత్తులు. గాలి అంతే, ఆక్సిజన్ అంతే, అయినా నీళ్లు ఇంకా పైకి వెళ్లాయి. ముందు వరసలో కూర్చున్న పాప, గ్లాసు దించుతుంటే అంచు కింద బుడగలు వచ్చాయని చెప్పింది. అసలు సంగతి అక్కడే దొరికింది. మంట వేడికి గాలి ఉబ్బి కొంత బయటికి పోయింది. మంట ఆరి లోపలి గాలి చల్లబడేసరికి ముడుచుకుపోయింది. అప్పుడు బయటి గాలి నీళ్లని లోపలికి తోసింది. మంట వల్ల పుట్టిన ఆవిరి చల్లని గాజుకి మంచులా పట్టడం కూడా కొంత కారణమే. నిజానికి గాలిలో నూటికి 21 పాళ్లున్న ఆక్సిజన్ 16 దగ్గరికి వచ్చేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది. అంటే చాలా వరకు లోపలే మిగిలి ఉంటుంది. ఈ లెక్క మాస్టారు టీచర్లకి మాత్రం తర్వాత చెప్పారు.

ముందురోజు మా ఇంట్లో రిహార్సల్ చేస్తే రెండుసార్లు నీళ్లు ఎక్కలేదు. గ్లాసు అంచు పళ్లేనికి అతుక్కుపోయి నీళ్లకి దారి లేకపోయింది. అంచు కింద రెండు రూపాయి బిళ్లలు పెడితే సరిపోయింది. గ్లాసుని గబుక్కున బోర్లించినా తక్కువే ఎక్కుతాయి. మంట పైన ఒక క్షణం పట్టుకుని, లోపలి గాలి వేడెక్కాక దించాలి. ఫ్యాన్ ఆపాలి, అగ్గిపుల్ల పెద్దవాళ్లే గీయాలి. ఇంటి దగ్గర చేయించేవాళ్ల కోసం ఇవన్నీ రాస్తున్నాను.

సి.వి. రామన్ గారి పేరు చివర్లో వచ్చింది. చిన్నప్పుడు ఆయన చదివింది మనకి దగ్గరలోని విశాఖపట్నంలోనేనని, 1928లో ఇదే రోజున కలకత్తాలో ఆయన కనిపెట్టినదానికి గుర్తుగా ఈ పండగని చెప్పి మాస్టారు కూర్చున్నారు.

కూర్చున్నాక మూడో తరగతి పాప దగ్గరికొచ్చి, "తాతగారూ, కొవ్వొత్తి లేకుండా ఎక్కించొచ్చా?" అని అడిగింది. మాస్టారు మళ్లీ లేచి, వంటగదిలోంచి వేడినీళ్లు తెప్పించారు. గ్లాసుని వాటితో తొలిపి, ఒంపేసి, పళ్లెంలో బోర్లించారు. గ్లాసు చల్లారుతుంటే నీలం నీళ్లు వేలెడంత కాకపోయినా, గీత గీసి చూపించేంత ఎక్కాయి. ఆ గీతని పాపే స్కెచ్ పెన్‌తో గీసింది. ఆ గ్లాసు ఇప్పుడు సంఘం బీరువాలో ఉంది.

— కార్యదర్శి